ముందు బండి బరువు

ఒమాన్‌లో సోహార్ పారిశ్రామికవాడకు కాస్త అవతల కొండను పిండి చేసి ఓడరేవుకు పంపే ఒక క్రషర్ ఉంది. అక్కడ ఒక ట్రెయిలర్ డ్రైవరు మధ్యాహ్నం పూట మాత్రమే దొంగ అని తేల్చారు. పొద్దున ట్రిప్పుల్లో అతను నీతిమంతుడే. క్రషర్ కాంటా మీద ఎంత తూగితే ఓడరేవు కాంటా మీదా అంతే. మధ్యాహ్నం అన్నం తిన్నాక మాత్రం దారిలో రెండు మూడు టన్నుల కంకర మాయమయ్యేది. దొంగతనానికి కూడా షిఫ్టు టైమింగు పెట్టుకున్న మనిషి గురించి నేను వినడం అదే మొదటిసారి.

నేను పనిచేసేది నలుగురున్న ఆటోమేషన్ కంపెనీ. కాంటాలు, గేట్లు, కెమెరాలు, ఇలా కరెంటు తగిలించగానే మొరాయించే వస్తువులన్నిటికీ చుట్టుపక్కల మేమే దిక్కు. క్రషర్ వాళ్ల ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జ్ మా ఆఫీసుకు ఫోన్ చేసి రెండు పనులు చెప్పాడు. కాంటా దగ్గర కెమెరా పెట్టాలి. ఆ డ్రైవరు స్లిప్పులన్నీ కంప్యూటర్‌లోంచి తీసి ఒక రిపోర్టు చేసివ్వాలి. ఇప్పటికే రెండు వార్నింగులు ఇచ్చారట. ఇంకొక్కసారి ఓడరేవులో తక్కువ తూగితే వీసా క్యాన్సిల్, దొంగ అని కాగితం మీద రాసి మరీ ఇంటికి పంపుతారట. ఆ కాగితం వెనకాల గుచ్చడానికి నా రిపోర్టు కావాలి. అంటే నన్ను పిలిచింది రిపేరుకు కాదు, సాక్ష్యానికి.

ఆ డ్రైవరుది జగిత్యాల వైపు. నాదీ అటే కాబట్టి పొద్దున కాంటా దగ్గర కనబడగానే మాట కలిసింది. నేను ఎందుకొచ్చానో అతనికి ముందే తెలుసు. అక్కడ దాచిపెట్టడానికి కొండ తప్ప ఏమీ లేదు, ఆ కొండనూ పిండి చేస్తున్నారు.

"నన్ను ఇంటికి పంపుతందుకు వచ్చిన సారువి నువ్వేనా తమ్మీ?" అన్నాడు.

"సారును కాదన్నా. కెమెరా బిగించేటోన్ని."

"మంచిగ బిగియ్యి. నేను దొంగిలించేది నేను గూడ జూస్త. ఎట్ల జేస్తున్ననో నాకే సమజైతలేదు."

అంతకుముందు వారం ఇన్‌చార్జ్ అతని వెనకాల ఒక పికప్ పంపాడట, చాటుగా. ఆ ఒంటి రోడ్డు మీద, తెల్ల ఎండలో, చాటు అనేది ఎక్కడ దొరికిందో ఆయనకే తెలియాలి. పికప్ వాడు తిరిగొచ్చి, బండి ఎక్కడా ఆగలేదని చెప్పాడు. దాన్నిబట్టి ఇన్‌చార్జ్ తేల్చిందేమిటంటే, డ్రైవరు ఆపకుండానే కంకర దించగల సమర్థుడని. కాంటాను పరీక్షించడానికి బయటి నుంచి మనుషులొచ్చి ఇనుప దిమ్మెలు ఎక్కించి చూశారు. పొద్దున పూట. అంతా సరిగ్గా ఉందని సర్టిఫికెట్ ఇచ్చి వెళ్లారు. యంత్రం నిర్దోషి అని తేలాక మిగిలేది మనిషే కదా.

కాంటా కేబిన్‌లో కూర్చునేది ఒక హైదరాబాదీ చాచా. చాలా ఏళ్లుగా అక్కడే. తెలుగు, దక్కనీ, అరబ్బీ మూడూ ఒకే వాక్యంలో నడిపించగలడు. నన్ను చూడగానే సులేమానీ, అంటే పాలు లేని టీ, పోసిచ్చి, ఆ డ్రైవరు దొంగ కాదని, కాని కాంటా కూడా అబద్ధమాడదని, ఇద్దరి మధ్యా తనకు నిద్ర పట్టడం లేదని చెప్పాడు. ఆయన కాంటా మీద పెట్టుకున్న నియమం ఒకటుంది. ఏ బండైనా ఖాళీ ప్లాట్‌ఫాం మీదికే ఎక్కాలి. ముందు సున్నా కనబడాలి, తర్వాతే బరువు.

"కాంటా సున్నా నుంచే మొదలవ్వాలి బేటా. సున్నా చూడకుండా నేను స్లిప్పు కొట్టను, మా బావమరిది వచ్చినా సరే," అన్నాడు.

మంచి నియమమే. ఇంత మంచి నియమం కొంప ముంచుతుందని ఎవరూ అనుకోరు.

నేను కెమెరా బిగించి, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అది లినక్స్ పెట్టె. అందులో రెండు ప్రోగ్రాములు నడుస్తాయి. ఒకటి కాంటా తీగ పట్టుకుని వింటూ ఉంటుంది. బండి ఎక్కి, అంకె కదలకుండా నిలబడగానే ఆ బరువును ఒక సందేశంగా పంపుతుంది. ఒక బండికి ఒక సందేశం. బండి దిగి అంకె సున్నాకు వచ్చాకే మళ్లీ ఇంకోటి. రెండోది చాచా తెర మీద కనబడే స్లిప్పు ప్రోగ్రాం. చాచా బటన్ నొక్కితే ఒక సందేశం తీసుకుని బరువు ముద్రిస్తుంది. ఈ రెండింటికీ చుట్టరికం లేదు. ఒకదాన్ని ఇంకోటి పుట్టించలేదు. మొదటిది మెషీన్ ఆన్ చేయగానే తనంతట తాను లేస్తుంది, రెండోది చాచా తెరిస్తే లేస్తుంది. ఇవి మాట్లాడుకోవడానికి, ఈ సిస్టమ్ రాసిన పాత ఇంజనీరు మధ్యలో ఒక మెసేజ్ క్యూ పెట్టాడు.

మెసేజ్ క్యూ అంటే మా రూమ్‌లో ఫ్రిజ్ లాంటిది. డే షిఫ్టు వాడు కూర వండి డబ్బాలో పెట్టిపోతాడు, నైట్ షిఫ్టు వాడు వచ్చి తింటాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. తినేవాడు ఊళ్లో లేకపోయినా డబ్బా అక్కడే ఉంటుంది. వచ్చాక, అన్నిటికంటే పాత డబ్బా ముందు తీస్తాడు. కొత్తది పెట్టగానే పాతది పోదు. మామూలుగా పది డబ్బాలు పడతాయి, పదకొండోది పెట్టాలంటే చోటు ఖాళీ అయ్యేదాకా తలుపు దగ్గర నిలబడాల్సిందే. అన్నీ ఒకేసారి పోవాలంటే మెషీన్ ఆపి మళ్లీ ఆన్ చేయాలి. ఆ పాత ఇంజనీరు మంచి ఉద్దేశంతోనే పెట్టాడు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా బరువు పోకూడదని.

పొద్దునంతా చూశాను. బండి ఎక్కుతుంది, క్యూలోకి సందేశం వస్తుంది, చాచా నొక్కుతాడు, క్యూ ఖాళీ. ఆ క్యూలో ఎన్ని బైట్లు ఉన్నాయో సందేశాన్ని ముట్టుకోకుండా చూసే వీలు లినక్స్‌లో ఉంది. ప్రతి స్లిప్పు తర్వాతా సున్నా. పెళ్లిచూపుల్లో అబ్బాయిలా బుద్ధిగా ఉంది.

మధ్యాహ్నం జొహర్ నమాజు వేళయింది. చాచా లేచి స్లిప్పు ప్రోగ్రాం మూసేశాడు. ఎందుకని అడిగితే, ఒకప్పుడు తను నమాజుకు వెళ్లినప్పుడు ఎవడో డ్రైవరు లోపలికొచ్చి తన స్లిప్పు తనే కొట్టుకుపోయాడని, అప్పటి నుంచి మూసే వెళ్తానని చెప్పాడు. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడైతే కంప్యూటరే ఆపేస్తాడు. జాగ్రత్త విషయంలో ఆయన్ని వేలెత్తి చూపలేం.

అయితే వినే ప్రోగ్రాంకు నమాజు లేదు, లంచ్ లేదు. అది కాంటా తీగ పట్టుకుని కూర్చునే ఉంది.

అప్పుడు ఒక పెద్ద ట్రెయిలర్ నిండా కంకరతో వచ్చి నేరుగా కాంటా ఎక్కి ఆగింది. తూకానికి కాదు, నీడకు. కాంటా మీద రేకుల షెడ్డు ఉంది. కనుచూపు మేరలో నీడ అంటే అదొక్కటే. ఆ ట్రెయిలర్ నడిపేది పెషావర్ వైపు మనిషి, మన జగిత్యాల అన్నకు రూమ్మేట్. అన్న బండి పాతది, తొట్టి చిన్నది, ఏసీ పోయి చాలా కాలమైంది. కాబట్టి రోజూ మధ్యాహ్నం అన్న తన బండిని వెనకాల ఎండలో వదిలేసి, పెషావర్ భాయి కేబిన్ ఎక్కి, ఏసీలో ఇద్దరూ టిఫిన్ డబ్బాలు విప్పుతారు. ఒకడి రొట్టె, ఒకడి పప్పు. అందుకే అన్న బండి ఎప్పుడూ ఆ పెద్ద బండి వెనకే ఉంటుంది.

క్యూలో బైట్ల అంకె సున్నా నుంచి ఒక సందేశమంత అయింది. చూశాను. బండి ఎక్కింది కాబట్టి వచ్చిందిలే అనుకుని నా పరోటా విప్పాను. ఆ క్షణాన నాకేదో తట్టిందని చెప్పుకోవచ్చు గాని, తట్టలేదు. ఆకలి వేసింది.

చాచా వచ్చాడు. ప్రోగ్రాం తెరిచాడు. కిటికీలోంచి చెయ్యి ఊపి, పెద్ద బండిని వెనక్కి తీయమన్నాడు. నియమం కదా, సున్నా చూడాలి. అన్న దిగి తన బండి దగ్గరికి పోయాడు. ఇద్దరూ వెనక్కి తీశారు. కాంటా సున్నాకు వచ్చింది. పెద్ద బండి మళ్లీ ఎక్కింది. వినే ప్రోగ్రాం బుద్ధిగా ఇంకో సందేశం పంపింది. చాచా నొక్కాడు. స్లిప్పు వచ్చింది. బరువు సరిగ్గానే ఉంది.

తెర మీద చూస్తే క్యూలో ఇంకా ఒక సందేశమంత ఉంది.

నేను పరోటా కింద పెట్టాను.

చాచా చేతికి వచ్చింది నీడలో నిలబడ్డప్పటి పాత డబ్బా. అదీ అదే బండి బరువు కాబట్టి స్లిప్పు సరిగ్గా కనబడింది. రెండోసారి ఎక్కినప్పటి డబ్బా ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది. పెద్ద బండి దిగి పక్కకు పోయింది. అన్న బండి ఎక్కింది. అంకె నిలబడింది, క్యూలో రెండు సందేశాలయ్యాయి. చాచా నొక్కాడు. స్లిప్పు బయటికొచ్చింది. నేను రెండు స్లిప్పులూ పక్కపక్కన పెట్టాను. కిలోతో సహా ఒకటే బరువు. పెద్ద తొట్టి, చిన్న తొట్టి, ఒకే బరువు.

పొద్దుటి నుంచి కేబిన్ వెనక అరలో అసలు కాంటా అంకె వెలుగుతూనే ఉంది. దాని ముందు టిష్యూ డబ్బా పెట్టి ఉంది, చాచా చూసే సున్నా దీపం ఒక్కటే డబ్బా పైనుంచి కనబడుతుంది. టిష్యూ డబ్బా తీశాను. స్లిప్పు మీద ఉన్నదాని కంటే దాదాపు మూడు టన్నులు తక్కువ. బయట గోడ మీద ఒక పెద్ద ఎర్ర అంకెల బోర్డు కూడా ఉంది. కాని ఎండకు సగం గీతలు చచ్చిపోయి, దాని మీద ఏ బరువైనా ఒకేలా కనబడుతుంది.

అంటే మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ప్రతి బండికీ దాని ముందు బండి బరువే వస్తోంది. మిగతా ట్రెయిలర్లన్నీ ఒకే సైజు కాబట్టి తేడా కొంచెమే, ఎవరికీ పట్టదు. అన్న వెనకాల వచ్చేవాడికి అన్న బరువు పడుతుంది. వాడు ఓడరేవులో ఎక్కువ తూగుతాడు, ఎక్కువ తూగినందుకు ప్రపంచంలో ఏ కంపెనీ వార్నింగు ఇవ్వదు. పెద్ద బండి వెనకాల చిన్న బండితో రోజూ తప్పకుండా ఎక్కేది ఒక్క అన్నే. అదీ ఏసీ కోసం. సాయంత్రం చాచా కంప్యూటర్ ఆపగానే క్యూ తుడుచుకుపోతుంది, పొద్దునకు అన్న మళ్లీ నీతిమంతుడవుతాడు.

అన్న స్లిప్పు కోసం కిటికీలో చెయ్యి పెట్టాడు.

"ఆగన్నా. ఇది తీస్కొని పోకు."

"ఏందిరా? పోకుంటే ట్రిప్పు పోతది."

"పోతే నువ్వు పోతవ్."

అతను మొహం మీది నవ్వు తీసేసి బండి ఆపుకుని కూర్చున్నాడు. దొరికిపోయానని అనుకున్నాడట, తర్వాత చెప్పాడు. ఏం చేసి దొరికిపోయాడో మాత్రం అప్పటికీ తెలియదు.

ఇన్‌చార్జ్‌కు ఫోన్ చేస్తే తన తెల్ల జీపులో వచ్చాడు. మూడో ఆధారం దొరికిందనుకుని వచ్చాడు, అందుకే అంత త్వరగా వచ్చాడు. నేను క్యూ గురించి చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. విని, కంప్యూటర్ బరువు గుర్తు పెట్టుకోవడం మంచిదే కదా అన్నాడు. ఫ్రిజ్ గురించి చెప్పాను. ఆయనది ఫ్యామిలీ వీసా. ఫ్రిజ్‌లో డబ్బాలు మారిపోయే బాధ తెలియదు. నీ ఊరివాడు కాబట్టి కాపాడుతున్నావు అని హిందీలో, చాలా మర్యాదగా అన్నాడు.

అప్పుడు నాకొక పని తోచింది. అన్నను బండి కాంటా దించి పక్కన పెట్టమన్నాను. ఇన్‌చార్జ్‌ను తన జీపు కాంటా ఎక్కించమన్నాను.

ఎందుకన్నాడు. సార్, ఊరికే, అన్నాను. ఆయన ఎక్కించాడు. చాచా సున్నా చూశాకే ఎక్కనిచ్చాడు, ఇన్‌చార్జ్ అయినా సరే. బటన్ నొక్కాడు. స్లిప్పు తీసి చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. కిటికీలోంచి ఇన్‌చార్జ్ చేతిలో పెట్టాడు.

తెల్ల జీపు, నలభై ఎనిమిది టన్నుల చిల్లర.

పెషావర్ భాయి వెళ్లిపోకుండా పక్కనే బండి ఆపుకుని చూస్తున్నాడు. ఆయనొక్కడు జీపు టైర్లు వంగి చూశాడు. ఎలా నిలబడ్డాయా అని కాబోలు.

అన్న మాత్రం దిగి వచ్చి ఇన్‌చార్జ్‌తో హిందీలో, చేతులు కట్టుకుని, ఒక్కటే అడిగాడు. "సార్, ఇందులోంచి మిగతా కంకర ఎక్కడ దించేశారు?"

నవ్వు నాకు ముక్కులోంచి వచ్చింది. చాచా చేతిలోని తస్బీ పూసలు తిప్పుకున్నాడు. ఇన్‌చార్జ్ మొహం చూస్తే, అన్నను ఇంకో కారణం మీద ఇంటికి పంపే ఆలోచనలో పడ్డట్టున్నాడు. అందుకని నేను వెంటనే చెప్పాను, జీపు స్లిప్పు మీద ఉన్నది అన్న బండి అసలు బరువని. జీపుకు ముందు ఎక్కింది అదే కదా. కావాలంటే అన్న చేతిలో రెండు స్లిప్పులూ పెట్టి పంపండి, ఓడరేవులో దేంతో కలుస్తుందో చూద్దాం అన్నాను.

పంపాడు. ఈసారి పికప్‌ను కాదు, తనే వెనకాల వెళ్లాడు. చాటుగా కూడా కాదు. క్యూలో మిగిలిన జీపు బరువు ఇంకెవరికీ పడకుండా కంప్యూటర్ ఒకసారి ఆపి ఆన్ చేసి, వాళ్లు తిరిగి వచ్చేదాకా నేను చాచా దగ్గర మరో మూడు సులేమానీలు తాగాను. చాచా నన్ను ఒకటే అడిగాడు, సున్నా చూడడం తప్పా అని. తప్పు కాదు చాచా అన్నాను. ఇన్నాళ్లూ కాంటా సున్నా చూశారు, క్యూ సున్నా చూసేవాళ్లు లేరు, అంతే. ఆయనకు కొంచెం ఊరట కలిగినట్టే ఉంది. అయినా మరుసటి బండిని ఇంకో గజం వెనక్కి తీయించి మరీ ఎక్కించాడు.

ఓడరేవు తూకం జీపు స్లిప్పుతో కలిసింది. ఇన్‌చార్జ్ తిరిగొచ్చి సిస్టమ్ ప్రాబ్లం అన్నాడు. మా వైపు క్షమాపణ అనే మాటకు గల్ఫులో అదే అనువాదం. రెండు వార్నింగులూ అన్న ఎదుటే చింపాడు. అన్న కోసం కాదు గాని, తన జీపును ఎవరైనా అనుమానిస్తారేమోనని చింపాడని చాచా అభిప్రాయం. ఏమైతేనేం, అన్న ఉండిపోయాడు.

క్యూను నేను తీసేశాను. పాత సందేశాలు పారేసి వాడుకోవచ్చు గాని, నాకు ఆ ఫ్రిజ్ మీద నమ్మకం పోయింది. దాని బదులు యునిక్స్ డొమైన్ సాకెట్ పెట్టాను. అదీ ఒకే మెషీన్‌లోని రెండు ప్రోగ్రాములు మాట్లాడుకునే దారే. బయట నెట్‌వర్క్‌తో పని లేదు, డిస్కు మీద ఒక ఫైలు పేరే దాని అడ్రసు. ఇప్పుడు వినే ప్రోగ్రాం ఎవరికీ ఏమీ పంపదు. చాచా నొక్కినప్పుడు స్లిప్పు ప్రోగ్రాం సాకెట్ తలుపు తట్టి, ఇప్పుడు కాంటా మీద ఎంత ఉంది అని అడుగుతుంది. అది చెబుతుంది. ఇద్దరూ ఫోన్ పెట్టేస్తారు. అడగకపోతే చెప్పదు, చెప్పింది దాచుకోదు. నమాజు వేళ నీడలో ఎన్ని ట్రెయిలర్లు ఎక్కి పడుకున్నా దానికి పట్టదు.

పెట్టిన రోజు అది కూడా కొంచెం ఏడిపించింది. మొదట పర్మిషన్ లేదంది. రెండు ప్రోగ్రాములూ వేరు వేరు యూజర్ల కింద నడుస్తాయి, ఆ సాకెట్ ఫైలు మీద రెండో వాడికి రాసే హక్కు ఇవ్వడం మరిచాను. అది సరిచేశాక వినే ప్రోగ్రాంను మధ్యలో చంపి మళ్లీ లేపి చూస్తే, ఆ అడ్రసులో ఎవరో ఉన్నారు అంది. ఎవరూ లేరు. చచ్చినవాడి పాత ఫైలు అక్కడే మిగిలిపోయింది, అంతే. లేచినప్పుడు ముందు దాన్ని తీసేసి, ఆ తర్వాతే తలుపు తెరవమని ఒక లైను రాశాను. రూమ్ ఖాళీ చేసినవాడి పేరు తలుపు మీద ఉంటే కొత్తవాడు దిగడానికి మా క్యాంపులోనూ ఒప్పుకోరు.

కొన్ని నెలలకు ఇంకో పని మీద అటు వెళ్లాను. కాంటా షెడ్డు నీడలో పెద్ద బండి ఆగి ఉంది. వెనకాల ఎండలో అన్న బండి. ఏసీ బాగుచేయించలేదు. అన్న పైనుంచి పిలిచి, కేబిన్ ఎక్కించుకుని పప్పు పెట్టాడు. జీపు స్లిప్పు జిరాక్స్ ఇన్‌చార్జ్ ఫైల్లో పెట్టుకుని, అసలుది తనకే ఇచ్చాడట. దాన్ని ఇన్నాళ్లూ తన బండి ముందు అద్దం పైన ఎండ పడకుండా దించుకునే పలకకు గుచ్చుకుని, గేటు దగ్గర సెక్యూరిటీ వాడు బండి ఆపినప్పుడల్లా చూపించేవాడట. సార్ జీపు నలభై ఎనిమిది టన్నులు, ముందు దాన్ని ఆపు, అని.

జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు. వేడికి అక్షరాలు వచ్చే కాగితం అది. అంత ఎండలో, ఏసీ లేని బండిలో, మొత్తం నల్లబడిపోయి ఉంది. టన్నూ లేదు, జీపూ లేదు.

"నీ దగ్గర కంప్యూటర్ ఉంది గదా తమ్మీ. గా జీపుది మల్లొకటి కొట్టియ్యి."

"ఇప్పుడు కొడితే రెండున్నర టన్నులే వస్తదన్నా."

అతను నల్లబడ్డ కాగితం వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. "నువ్వేం బాగుజేసినవ్ ర మరి," అని, నా పళ్లెంలో ఇంకో గరిటె పప్పు పోశాడు.